నూట ఇరవైలో ఇరవై నాలుగు

దేవకుమారి మొగల్తూరు దగ్గరి హైస్కూల్లో ఎనిమిదేళ్లుగా లెక్కలు చెబుతోంది. ఏ ఏటికా యేడు ఆర్డరు వస్తేనే ఉద్యోగం. ఆర్డరుకు పేరు పంపేది హెడ్మాస్టరు బంగార్రాజు గారు. అందుకే ఆయన కబురు పెడితే చేతిలో సుద్దముక్కతోనే పరుగెడుతుంది. ఆ రోజు పై అధికారులకు పంపే ఆటల నివేదిక ఆమె ముందు పెట్టారాయన.

"కబడ్డీ యాభై రెండు, వాలీబాల్ నలభై ఐదు, ఖోఖో ముప్పై ఎనిమిది. మొత్తం నూట ముప్పై ఐదు. బళ్లో పిల్లలేమో నూట ఇరవై. అంటే అందరూ ఆడేస్తున్నట్టేగా! లెక్కల టీచరు కదా, ఇక్కడో సంతకం పెట్టండమ్మా."

"పిల్లలకంటే ఆడేవాళ్లు ఎక్కువెలా అవుతారండీ? రెండాటలు ఆడేవాళ్లని రెండుసార్లు రాసుంటారు."

మూడు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. కబడ్డీ, వాలీబాల్ రెండిట్లో ఉన్నవాళ్లు పద్దెనిమిది. వాలీబాల్, ఖోఖోల్లో పన్నెండు. కబడ్డీ, ఖోఖోల్లో పదిహేను. ఆ నలభై ఐదూ తీసేస్తే తొంభై.

"తొంభైయేనా? పిల్లల్ని మింగేశారేంటండీ!"

ఆ ఎత్తిపొడుపులో నిజం లేకపోలేదు. మూడాటలూ ఆడే ఆరుగురు మూడుసార్లు లెక్కలోకొచ్చి, మూడుసార్లూ పోయారు. బడిలో అందరికంటే ఎక్కువ ఆడేవాళ్లే కాగితం మీద లేకుండాపోయారు. ఆరుగురినీ తిరిగి కలిపింది. తొంభై ఆరు.

"మరి మిగతా ఇరవై నలుగురూ?"

అని అడిగి, దేవకుమారి హాజరుపట్టీ ముందుకు లాక్కుంది. జాబితాలతో సరిచూస్తే పేర్లు వాటంతటవే బయటపడ్డాయి. వీరదుర్గ, మరిడమ్మ... అందరూ రేవు పేట ఆడపిల్లలు. ఆటల పీరియడ్‌కి గేటు దగ్గరికి రొయ్యలు ఒలిచే షెడ్డు వ్యాను వచ్చి వాళ్లని పనికి ఎక్కించుకుపోతుంది. మంచునీళ్లలో నాని తెల్లగా ముడతలు పడిన వేళ్లతోనే వాళ్లు తెల్లారి పెన్ను పట్టుకుంటారు. అందరూ ఆడుతున్నారని రాస్తే, ఆ పీరియడ్‌లో వీళ్లెక్కడున్నారని ఇక ఏ అధికారీ అడగడు. దేవకుమారి కూడా ఆ వయసులో ఆటల పీరియడ్‌కి ఊడ్పుల్లో ఉండేది. ఆమెనూ ఎవరూ అడగలేదు.

"వాళ్లని ఖోఖోలో రాసెయ్యండి, గొడవొదిలిపోద్ది."

"ఆడని పిల్లల్ని ఎలా రాయనండీ?"

"జూన్‌లో మీ పేరు నేనే పంపాలి కదమ్మా," అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, ఇంటర్ చదివే కూతురు తబిత కళ్లముందు మెదిలారు. కలం కాగితం మీద ఆగిపోయింది. నూట ఇరవై అని వేస్తే బతుకు నడుస్తుంది. వెయ్యడానికి చెయ్యి రాలేదు. తొంభై ఆరు వేసి, కింద ఇరవై నాలుగు పేర్లూ రాసి, సంతకం చేసింది.

బంగార్రాజు గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసి తాళం తిప్పారు.

"వేరే కాగితం మీద నూట ఇరవై వేసి, ఆటల మాస్టారి చేత సంతకం పెట్టిస్తాలెండి. క్లాసుకెళ్లండి."

ఆటల బెల్లు మోగింది. గేటు బయట వ్యాను హారన్ కొట్టింది. వీరదుర్గ సంచీ భుజాన వేసుకుని, "వెళ్తానండీ" అంది.

వెళ్లొద్దనాల్సిన దేవకుమారి తలూపి, పిల్ల వ్యాను ఎక్కేదాకా చూస్తూ నిలబడింది.