పేరు చెప్పలేదు కానీ

కోరుట్లలో నేను తెలుగు చెప్పే రోజుల్లో, పిల్లల రక్షణ మీద జగిత్యాలలో ఒకరోజు శిక్షణ పెట్టారు. బడికొక టీచరు రావాలన్నారు, మా బడి నుంచి నేను వెళ్లాను. తిరిగొచ్చాక మా హెడ్మాస్టరు, "మన బడికి నియమాలు మీరే రాయుండ్రి మేడం" అని ఆ బాధ్యత నాకే అప్పగించారు.

రెండున్నర పేజీలు రాశాను. పిల్ల ఏదైనా చెబితే నమ్మి వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు. చెప్పిన మాటలను చెప్పినట్టే అదే రోజు కాగితం మీద పెట్టాలి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పోలీసులకు చెప్పడం చట్టం, దానికి ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదు. ఆ కాగితం కవరులో పెట్టి సీలు వేసి బీరువాలో ఉంచాలి. హెడ్మాస్టరూ నేనూ తప్ప ఎవరూ చూడకూడదు.

నెల తిరక్కుండానే ఆ కాగితాలతో పని పడింది.

ఎనిమిదో తరగతి అమ్మాయి. తండ్రి దుబాయిలో కూలీ, తల్లి బీడీలు చుడుతుంది. బడి వదిలాక అందరూ వెళ్లిపోయినా ఆ పిల్ల మెట్ల మీదే కూర్చుని ఉంది.

"ఇంటికి పోవా బిడ్డా?" అన్నాను.

"అమ్మ బీడీల కార్ఖానకు పోయింది. చిన్నాయిన ఒక్కడే ఉన్నడు. నాకు పోబుద్ధయిత లేదు టీచర్."

పక్కన కూర్చున్నాను. కాసేపటికి తనే నాలుగు మాటలు చెప్పింది. ఆ నాలుగూ చాలు. చివర, "ఎవ్వలకు చెప్పకుండ్రి" అంది.

"చెప్పనని మాట ఇయ్యలేను. నీకు సాయం చేసేటోళ్లకే చెప్త. ఇంకెవ్వలకు తెల్వది" అన్నాను.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు పిల్లల సహాయ నంబరు 1098కి, పోలీసులకు ఫోన్ చేశారు. తల్లిని బడికి పిలిపించాం. మహిళా ఎస్సై మామూలు చీరలో వచ్చి, తల్లి పక్కనుండగా పిల్ల చెప్పింది రాసుకున్నారు. చిన్నాన్నను అరెస్టు చేశారు. పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లారు, వాళ్లు విచారించి తల్లి దగ్గరే ఉంచారు. అంతవరకు కాగితం మీద రాసినట్టే జరిగింది. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉండింది. ఆ గర్వమే నన్ను ముంచింది.

మరుసటి వారం సిబ్బందికి శిక్షణ పెట్టాను. టీచర్లు, అటెండరు, మధ్యాహ్న భోజనం వండే ఆమె, అందరూ వచ్చారు. పిల్లను గుర్తుపట్టే వివరం ఏదీ బయట పెట్టకూడదని నేనే చదివి వినిపించాను. వెనక కూర్చున్న లెక్కల సారు నవ్వి, "గివన్నీ పట్నంల ముచ్చట్లు మేడం. మన దగ్గర గిట్ల అయితదా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అయింది సార్. మన ఎనిమిదో తరగతిలనే. తండ్రి దుబాయిల ఉన్నడు, ఇంట్ల చిన్నాయిననే" అన్నాను.

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఎనిమిదో తరగతిలో ఆ వారమంతా బడికి రాని పిల్ల ఒక్కతే. అందరూ తల దించుకున్నారు. ఏం చేశానో అప్పుడు తెలిసింది. "ఈ మాట ఈ గది దాటొద్దు" అన్నాను. పొద్దుగూకేసరికి వాళ్ల వాడకు చేరింది.

ఆ పిల్ల మళ్లీ బడికొచ్చిన మొదటి రోజే పక్క పిల్లలు బెంచీ మీద దూరం జరిగి కూర్చున్నారట. మర్నాడు తల్లి ఒక్కతే వచ్చి నా ముందు నిలబడింది.

"పేరు చెప్పలే అంటున్నరట మేడం. ఎవ్వలకు తెల్వకుండ ఉన్నది? మా వాడల ఎవ్వలు తెల్వనోళ్లు?"

"నాదే తప్పు అక్కా" అన్నాను.

"తప్పంటే ఎట్ల? పోరి అన్నం తింటలేదు. మిమ్ముల నమ్మి చెప్పింది గదా" అని, కొంగుతో మొహం తుడుచుకుని టీసీ అడిగింది. పిల్లను సిరిసిల్లలో మరమగ్గం నడిపే అమ్మమ్మ వాళ్లింట్లో ఉంచుతుందట.

నా తప్పును నేనే రాసి హెడ్మాస్టరుకిచ్చాను. "గిదెందుకు మేడం, ఊకోరాదు" అన్నారాయన. ఊరుకోలేదు, పై అధికారులకు పంపమన్నాను. వాళ్లు నన్ను ఆ బాధ్యత నుంచి తప్పించారు, మెమో ఇచ్చారు. టీసీలో కారణం దగ్గర 'నివాసం మార్పు' అని మాత్రమే రాశాం. నియమాల్లో ఒక వాక్యం చేర్చమని అడిగాను: మన బడిలో జరిగిన విషయం, పేరు లేకుండా అయినా, శిక్షణలో ఉదాహరణగా చెప్పకూడదు. చేర్చారు. అప్పటికి ఆ అమ్మాయి బెంచీ ఖాళీ.

రెండేళ్ల తర్వాత సిరిసిల్ల బస్టాండులో కనిపించింది. ఎత్తు పెరిగింది, ఇద్దరు స్నేహితురాళ్లతో నవ్వుతోంది. నన్ను చూసి నవ్వు ఆపింది. నేను పలకరిస్తే ఎవరామె అని వాళ్లు అడుగుతారు. తల తిప్పుకుని బస్సుల బోర్డులు చదువుతున్నట్టు నిలబడ్డాను. వాళ్ల బస్సు వచ్చి వెళ్లిపోయింది. క్షమించమని ఆ పిల్లను ఇప్పటికీ అడగలేదు.