ఇనాగాకి రెండు నిమిషాలు

మా మిడిల్ స్కూల్లో విద్యార్థి సంఘం ఎన్నికలు నవంబరులో జరుగుతాయి. ఆ వ్యవహారం చూసుకునే మాస్టారిని నేనే. నిలబడేవాళ్లు ప్రసంగాలు ముందు నాకు చూపించాలి. ఏటా అదే పాట: బడిని నవ్వులతో నింపుతారట, పలకరింపులు పెంచుతారట. పలకరింపులు ఇంకా పెరిగితే పాఠాలు ఎప్పుడు చెప్పాలో మరి.

ఇనాగాకి చినామి ఎనిమిదో తరగతి పిల్ల. వాలీబాల్ జట్టులో ఉందన్న మాటే గానీ కోర్టులో దిగింది తక్కువ. బంతులకు గాలి కొట్టే పని మాత్రం తనదే. వాళ్లది టోఫు, అంటే సోయా జున్ను, చేసి అమ్మే కొట్టు. పొద్దున్నే చన్నీళ్లలో గిన్నెలు కడిగి వస్తుంది కాబట్టి మొదటి పీరియడ్ అయ్యేదాకా చేతులు ఎర్రగా ఉంటాయి. ఆ పిల్ల అధ్యక్ష పదవికి నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు, నాతో సహా.

రాసుకొచ్చిన కాగితంలో మూడు హామీలున్నాయి. ఇవి ఇవ్వాల్సినవాళ్లను అడిగి రమ్మన్నాను. భోజనంలో వారానికోసారి కూర ఎంచుకునే వీలు ఇవ్వమంటే వంటశాల వాళ్లు కుదరదన్నారు. చలికాలం గదుల హీటర్లు ముందే వేయమంటే హెడ్మాస్టరు చూద్దామన్నారు. ఆయన చూద్దామంటే లేదనే. ఆ రెండూ తనే కొట్టేసింది. మిగిలింది గాలి పంపు ఒక్కటే. తరగతికో బంతి ఉంది, ఒక్కదాంట్లోనూ గాలి లేదు. పంపేమో ఆటల మాస్టారు హమాగుచి గదిలో తాళం వెనక ఉంది. దాన్ని పిల్లలకు అందేలా చేస్తుందట.

ఒక్క హామీతో గెలవడం కష్టమమ్మా, అన్నాను.

"చెయ్యలేనిది చెప్పి గెలిస్తే ఏడాదంతా ఏ మొహం పెట్టుకు తిరగాలి సార్?" అంది. మళ్లీ తనే, "గెలవాలని మాత్రం చాలా ఉంది. ఇప్పటిదాకా నన్నెవరూ ఏరుకోలేదు. ఒక్కసారి ఏరుకుంటే ఎలా ఉంటుందో చూడాలి," అంది.

ప్రసంగాల రోజు బడంతా జిమ్‌లో నేల మీద కూర్చుంది. చీటీలో మొదటి వంతు మొరిజానెకి పడింది. అందగాడు, మాటకారి. సెల్‌ఫోన్లు తెచ్చుకోనిస్తానన్నాడు. అది అధ్యక్షుడి చేతిలో లేదని అందరికీ తెలుసు, అయినా జిమ్ దద్దరిల్లింది.

తర్వాత ఇనాగాకి. వంగి నమస్కరించింది, పిల్లల ఎన్నికల కమిటీకి పెద్దయిన విద్యార్థిని కుసునొకి గడియారం నొక్కింది. మనిషికి రెండే నిమిషాలు. ఇనాగాకి పంపు సంగతి మొదలుపెట్టిందో లేదో, గోడవారన నిలబడ్డ హమాగుచి మాస్టారు అందుకున్నారు.

"ఓస్, అంతేనా? ఇవాళే బయట పెడతాలే."

మనిషి మంచివాడే, నోటికే ఆనకట్ట లేదు. పిల్లలు పగలబడి నవ్వారు. ఉన్న ఒక్క హామీ ఓటు పడకముందే తీరిపోయింది. ఎవరు అడ్డొచ్చినా గడియారం ఆపకూడదు, కుసునొకి ఆపలేదు. ఇనాగాకి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఇంక దిగిపోతుందనుకున్నాను.

"థాంక్యూ సార్. మరి సూది ఎవరి దగ్గరుంటుంది?"

ఇనాగాకి పిల్లల వైపు తిరిగింది.

"పంపు ఎక్కడికీ పోదు, పోయేది దాని సూదే. మనం పారేస్తూ ఉంటేనే సార్ తాళం వేశారు. తప్పు సార్‌ది కాదు, మనది. సూదికి తాడు కడతాను. తీసుకున్నవాళ్ల పేరు బోర్డు మీద రాయిస్తాను. సాయంత్రం తిరిగొచ్చిందో లేదో నేనే చూస్తాను. నా వల్ల అయ్యేది ఇంతే. ఇది మాత్రం చేస్తాను."

గడువు అయిందని గంట రెండుసార్లు మోగింది. చప్పట్లు ఆలస్యంగా, చిన్నపిల్లల వరసల నుంచి మొదలై చాలాసేపు ఆగలేదు.

ఓటింగ్ పెట్టెలు ఊరి ఆఫీసు నుంచి అరువు తెచ్చినవే, పెద్దల ఎన్నికలవి. చీటీ మీద పేరు పైన గుండ్రం చుట్టాలి, ఇంకేం రాసినా చెల్లదు. కుసునొకి అది రెండుసార్లు చదివి వినిపించింది కూడా.

సాయంత్రం కమిటీ పిల్లలు లెక్కపెడుతుంటే కొన్ని చీటీలు పక్కకు చేరాయి. వాటిలో ఇనాగాకి పేరు మీద గుండ్రం ఉంది. దాని పక్కన ఒకరు చిన్న సూది బొమ్మ గీశారు, ఒకరు "సూది జాగ్రత్త అక్కా" అని రాశారు.

"ఇవి ఆమెకే కదా," అన్నాడు లెక్కపెట్టే పిల్లాడు.

"గుండ్రం తప్ప ఇంకేమున్నా చెల్లదు. ఆ రూలు రాసింది మనమే," అంది కుసునొకి. ఆ చీటీలను చెల్లనివాటి కట్టలో పెట్టేసింది.

లెక్క పిల్లలది, నేను నోరెత్తకూడదు. పంటి బిగువున కూర్చున్నాను. చెల్లని ఆ చీటీలు పదకొండు. మొరిజానె ఇనాగాకి మీద ఏడు ఓట్ల తేడాతో గెలిచాడు.

ఓడినవాళ్లు నొచ్చుకుంటారని మా బడిలో అంకెలు బయట పెట్టరు, గెలిచినవాళ్ల పేరు మాత్రమే అంటిస్తారు. ఆ రూలు అంటే నాకు ఆ రోజు పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు ఇనాగాకి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎన్ని వచ్చాయని అడగను సార్. నేను చెప్పింది వాళ్లకు ఎక్కిందా? అది చెప్తే చాలు."

"ఎక్కింది."

"అందరికీనా?"

"కొందరికి మరీ ఎక్కువ ఎక్కింది," అన్నాను.

నేను మాట వరసకు ఓదారుస్తున్నాననుకుని, ఆ పిల్ల మర్యాదగా తల వంచి వెళ్లిపోయింది.