నల్లబడిన స్లిప్పు

నాకు కాగితమంటే పిచ్చి. రెవెన్యూ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి ఇంకేం పిచ్చి ఉంటుంది? పెట్రోలు బంకులో అందరూ ఫోను చూపించి వెళ్లిపోతారు. నేను మాత్రం కార్డే ఇస్తాను, చేతికి స్లిప్పు వస్తుందని.

ఆ రోజు నాతవరంలో పెళ్లికి బయలుదేరి, నర్సీపట్నం దాటకముందే బంకులో కారు ఆపాను. పక్కన పట్టుచీరలో మా ఆవిడ. రెండు వేలకు పెట్రోలు కొట్టించాను. అక్కడ పనిచేసే అమ్మాయి కార్డు మెషిన్ తెచ్చింది. పిన్ను నొక్కాను. అది కాసేపు గింజుకుని, ‘ఎర్రర్’ అని ఒక కాగితం బయటకు తోసింది.

“పేమెంటు అవ్వనేదు బాబూ. మళ్లీ నొక్కండి,” అందా అమ్మాయి.

మళ్లీ నొక్కాను, అయింది, ఇంకో స్లిప్పు వచ్చింది. స్టీరింగు పట్టుకున్నానో లేదో ఫోను టింగుమంది, వెంటనే ఇంకోసారి టింగుమంది. రెండుసార్లూ రెండేసి వేలు కోశారు!

నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కారు దిగి, “పట్టపగలు దొంగతనమా!” అని అరిచాను. వెనక లైన్లో ఉన్న ఆటోవాళ్లు, బైకులవాళ్లు మెడలు చాచి చూశారు.

“ఏటి బాబూ, అంత మాటంటారు? మా మెషిన్లో ఒక్కటే పడ్డాది. సాయంత్రం రోజు లెక్క, సెటిల్‌మెంటు తీస్తే తెలిసిపోద్ది.” ఆ అమ్మాయి మెషిన్ నా ముందుకు చాపింది.

నేను వింటేగా! కంప్లయింటు పుస్తకం తెప్పించి, ‘తగు చర్య తీసుకొనవలసినదిగా కోరడమైనది’ అంటూ పేజీన్నర రాసి సంతకం పెట్టాను. ఆ పుస్తకాన్ని కంపెనీవాళ్లు తనిఖీ చేస్తారు. ఓనరు దాన్ని చదివి, మొహం మాడ్చుకుని ఆ అమ్మాయితో, “ఈ కంప్లయింటు తేలేదాకా మెషిన్ ముట్టుకోకు. ఎల్లి టైర్లకి గాలి కొట్టు. తప్పు నీదైతే రేపట్నుంచి రావొద్దు,” అన్నాడు.

పెళ్లిలో భోజనం మానేసి మరీ ఈ కథ నలుగురికీ చెప్పాను. తిరిగొస్తూ జెరాక్సు షాపు దగ్గర ఆగాను. సాక్ష్యం నలిగిపోకూడదు కదా! రెండు స్లిప్పులకూ లామినేషన్ చేయించాను. వేడి మెషిన్లోంచి రెండూ మాడిన అప్పడాల్లా నల్లగా బయటికొచ్చాయి. ఒక్క అక్షరం కనబడితే ఒట్టు.

“వేడి తగిల్తే నల్లబడే కాయితమండీ ఇది. మీరు అడిగినారు, నాను సేసినాను,” అన్నాడు షాపాయన. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

మర్నాడు నా ఖాతా ఉన్న బ్యాంకుకి వెళ్లి ఆ నల్ల బిళ్లల్నే బల్ల మీద పెట్టాను. ఆఫీసరు వాటిని తిరగేసి, బోర్లేసి, “ఇవేటండీ?” అంది. చెప్పాను. నవ్వు ఆపుకుంటూ కంప్యూటర్లో నా ఖాతా చూసి, “స్లిప్పు లేకపోయినా పర్లేదండీ, లావాదేవీ నంబరు ఇక్కడుంది. మొదటిసారి మీ ఖాతాలో తగ్గింది గానీ బంకుకి చేరలేదు. మధ్యలో ఆగిపోయింది. ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కొస్తుంది. రాకపోతే ఆపైన రోజుకి వంద చొప్పున మేమే ఇవ్వాలి. అక్కడ పనిచేసేవాళ్ల తప్పేం లేదండీ,” అంది.

నాలుగో రోజు డబ్బు వచ్చేసింది. విజయోత్సాహంతో మా ఆవిడకి ఫోను చూపించాను. ఆమె నవ్వలేదు.

“మీ రెండు వేలు వచ్చాయి. నిన్న బజారుకెళ్తూ చూశాను, ఆ పిల్ల ఇంకా టైర్లకి గాలే కొడుతోంది,” అంది.

సిగ్గేసింది. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? బంకులో జనం ఉండరని మిట్టమధ్యాహ్నం చూసుకుని వెళ్లాను. ఓనరు చేత పుస్తకం తెప్పించి, ‘సదరు ఫిర్యాదు నా పొరపాటు, ఉపసంహరించుకొనడమైనది’ అని రాసి సంతకం చేశాను. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, గాలి కొట్టే చోటున్న అమ్మాయిని పిలిచి మెషిన్ చేతికిచ్చాడు. రాసింది ఆమెకు చూపించి, “క్షమించమ్మా,” అని గొణిగాను.

ఆమె నిదానంగా చదివింది. ఈలోగా రెండు ఆటోలు, నాలుగు బైకులు వచ్చి లైన్లో నిలబడ్డాయి.

“బాగా రాసినారు బాబూ,” అంది. “కానీ ఆ రోజు దొంగతనమని రాయనేదు కదా, అరిసినారు. రాసింది లైన్లో ఉన్నోళ్లకి ఇనపడదు కదండీ.”

ముప్పై ఏళ్లలో ఏ కాగితమూ నాకు ఇంత పనికిమాలినదిగా అనిపించలేదు. లైను వైపు తిరిగి, గొంతు సవరించుకుని, “ఈ అమ్మాయి దొంగ కాదు. తప్పు నాది,” అన్నాను.

చివరి ఆటోవాడు తల బయట పెట్టి, “ఏటండీ? ఇనపడ్నేదు!” అని కేకేశాడు.

ఆ అమ్మాయి నావైపు చూసింది. ఈసారి అరిచాను.