నంబరు తెలుస్తది, మాట తెలువది

మా ఆఫీసులో గులాం నబీ అంత నిదానపు మనిషి ఇంకొకరు లేరు. కంప్యూటర్ ఆగిపోయిందని మొత్తుకున్నా టీ తాగి, గ్లాసు కడిగి, అప్పుడు లేచేవాడు. నేనెన్నిసార్లు విసుక్కున్నానో! మహబూబ్‌నగర్‌లోని మా విత్తనాల కంపెనీలో కంప్యూటర్లన్నీ ఆయన చేతిమీదే నడిచేవి. అంతకుముందు, తొంభైలలో, ఆయన మక్తల్‌లో ఎస్టీడీ బూత్ నడిపాడు.

పోయినేడు మేం వేసిన టెండరు రేట్లు ముందే బయటికి పొక్కాయి. టెండరు మాతో పోటీపడే అవతలి కంపెనీకి పోయింది. ఆ రేట్ల ఫైల్ తయారు చేసింది యాదలక్ష్మి. నల్గొండలో తన ఇంటి నుంచే పనిచేసే అమ్మాయి. మా మేనేజర్ అమరేందర్‌కు అనుమానం రావడమే ఆలస్యం, నబీని పిలిచాడు.

"నబీ భాయ్, ఆమె ల్యాప్‌టాప్‌ల ఏమేం చూసిందో అంత తియ్యి."

మా ల్యాప్‌టాప్‌లలో వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఇంట్లో కూర్చొని ఏ సైటు తెరిచినా ఆ దారి మా ఆఫీసు మీదుగానే పోతుంది. నబీ తీసిన కాగితంలో అవతలి కంపెనీ సైటు పేరు తొమ్మిదిసార్లు ఉంది. అన్నీ మధ్యాహ్నం అన్నం టైములోనే.

"దొరికింది దొంగ! ఏం రాసిందో గది గూడ తియ్యి."

"గది కనపడది సార్. ఏ సైటుకు పోయింది, ఎప్పుడు పోయింది, ఎంత డేటా నడిచింది, గంతే. లోపల ఏ పేజీ చూసిందో, ఏం రాసిందో, దానికి తాళం ఉంటది. తాళం తీసే సర్టిఫికెట్ ల్యాప్‌టాప్‌ల పెడితే కనపడుతుండె. స్క్రీన్ మీద కన్నేసే సాఫ్ట్‌వేర్ పెట్టినా కనపడుతుండె. మనం రెండూ పెట్టలే."

"మరి ఫైల్ పంపలేదంటవా?"

"తొమ్మిదిసార్లు కలిపినా ఆమె దిక్కునుంచి పోయిన డేటా ఆ ఫైల్‌ల పదో వంతు లేదు. ఆ ఫైల్ ఉన్నదున్నట్టు ఆ సైటుకు పోలే."

"ఫోన్‌ల పంపిందేమో!"

"ఆమె ఫోన్ ఆమె ఇంటి నెట్ మీద నడుస్తది సార్. అది మనకు రాదు. పంపిందని చెప్పలేను, పంపలేదనీ చెప్పలేను."

అమరేందర్‌కు ఓపిక లేదు. "వాళ్లతోని ఆమెకు సంబంధం ఉన్నదని ఒక్క లైను రాసి సంతకం పెట్టు. రేపే తీసేస్త."

నబీ కాగితం పట్టుకొని టీ బండి దగ్గరికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి కూర్చున్నాడు.

"మా బూత్‌ల బీరమ్మ అని ఒక కోడలు రాయచూరుకు ఫోన్ చేస్తుండె. ఎవలికి చేస్తాందని మామ అడిగితే స్లిప్పు చూపిచ్చిన. నంబరు, నిమిషాలు. అద్దం తలుపు ఎనుక ఏం మాట్లాడిందో నాకేం ఎరుక? ఊరంత కథ అల్లిండ్రు. ఆమెను ఎల్లగొట్టిండ్రు. తర్వాత తెలిసింది, అది దవాఖాన నంబరు. ఆమె తల్లి ఆడ ఉండె. ఆ నంబరు ఎవలిదని ఆమెను ఒక్కలన్న అడగలే. నేను గూడ అడగలే."

ఆయన లేచి లోపలికి పోయాడు. నేనూ వెనకే పోయాను.

"సంతకం పెట్టను సార్. ఆ పిల్లనే అడుగుండ్రి."

అమరేందర్ గొణుక్కుంటూనే ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. ఆ సైటుకు తొమ్మిదిసార్లు ఎందుకు పోయావని యాదలక్ష్మిని అడిగాడు.

"నౌకరి కోసం చూసిన సార్. వాళ్లు నల్గొండల ఆఫీసు పెడుతున్నరట. నా కాంట్రాక్ట్ గీ నెలతోని అయిపోతది. మళ్ల ఇస్తరా అని రెండుసార్లు అడిగిన, మీరు జవాబియ్యలే."

అమరేందర్ ఆ సైటు తెరిచాడు. నల్గొండ ఖాళీల పేజీ ఉంది. ఆయన తల దించుకున్నాడు. రేట్లు ఎవరు చెప్పారో ఇప్పటికీ తేలలేదు కానీ, యాదలక్ష్మి కాంట్రాక్ట్ మాత్రం పొడిగించారు.

సాయంత్రం ఆమె నబీకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. "నేను ప్రైవేట్ విండోల చూసిన గద చాచా, ఎట్ల తెలిసింది?"

"అది నీ ల్యాప్‌టాప్‌ల గుర్తులు ఉంచది బిడ్డా. దారి మాత్రం మన ఆఫీసు నుంచే."

"ఇంకేం చూసిండ్రు?"

నబీ అబద్ధం చెప్పలేకపోయాడు. "ఒక దవాఖాన పేరు. ఆరుసార్లు. ఎందుకు పోయినవో నాకు తెల్వది. ఎవ్వలికీ చెప్పలే, చెప్ప."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు నాకూ వినిపించింది.

ఆ తర్వాత నబీ చూసే లిస్టులో ఆమె పేరు పక్కన కంపెనీ సైట్లు తప్ప మరొకటి రాలేదు. పండుగకు ఆఫీసుకు వచ్చినప్పుడు అందరినీ పలకరించి, నబీ బల్ల ముందు నుంచి తల తిప్పుకొని పోయింది.

"బీరమ్మ గూడ గిట్లనే పోయింది," అన్నాడు నబీ. "బూత్ ముందల నుంచి, మూట పట్టుకొని."