వృత్తాన్ని తాకని గీత

అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా జావా నేర్పుతున్న రోజుల్లో నేను పంజాగుట్టలో మట్టి పరీక్షల ల్యాబ్‌లో ఇంజనీరుని. మా సీనియర్ కూడా సాయంత్రాలు అమీర్‌పేట వెళ్ళి ఒక కోర్సు చేసి, మట్టి లెక్కలకి సొంతంగా ప్రోగ్రామ్ రాశాడు. ఇక గ్రాఫు కాగితం పట్టుకున్నవాళ్ళంటే ఆయనకి జాలి. నేను కంపాస్‌తో గీస్తుంటే వెనక నిలబడి నవ్వేవాడు. నవ్వేవాడికి విషయం తెలిసే ఉంటుందని మొదట్లో నేనూ అనుకున్నాను.

ఆ ఏడు ఒక బిల్డర్ కోచింగ్ సెంటర్లకి అద్దెకివ్వడానికి ఒక భవనం తలపెట్టాడు. సెల్లార్ తవ్వితే పక్క మట్టి జారకుండా గోడ కట్టాలి. ఆ మట్టి బలమెంతో మేం చెప్పాలి. మొరం నమూనాలు రెండు వచ్చాయి. స్తంభంలాంటి నమూనాని రబ్బరు తొడుగులో పెట్టి, చుట్టూ నీళ్ళతో నొక్కుతూ, పైనుంచి విరిగేదాకా బరువు పెంచుతాం. మొదటిది చుట్టూ వంద కిలోపాస్కల్స్ ఉండగా పైన నాలుగొందల దగ్గర విరిగింది. రెండోది చుట్టూ రెండొందలుండగా ఏడొందల దగ్గర.

ఒక్కో నమూనాకి చుట్టూ ఉన్నదీ, పైన ఉన్నదీ ఆ రెండు ఒత్తిళ్ళూ అడ్డగీత మీద గుర్తుపెట్టి, వాటి మధ్య దూరమే వ్యాసంగా వృత్తం గీస్తే అదే మోర్ వృత్తం. నమూనాలో ఏ వాలు తలం మీద ఎంత నొక్కుడుందో, ఎంత జారుడు ఒత్తిడుందో అందులో కనిపిస్తుంది. తలం వాలుకి రెట్టింపు కోణం కేంద్రం దగ్గర తిప్పి చుక్క పెడితే చాలు. రెండు వృత్తాలకీ పైనుంచి అంటీ అంటనట్టు తగిలే గీత ఆ మట్టి తెగే హద్దు. దాని వాలే మట్టి ఘర్షణ కోణం. అది ఎంత పెద్దదైతే మట్టి అంత గట్టిది, గోడ అంత సన్నగా ఉన్నా చాలు.

సీనియర్ ప్రోగ్రామ్ ఆ గీతని వృత్తాల నెత్తి మీదుగా లాగింది. కోణం ఇరవై ఆరున్నర వచ్చింది. జారుడు ఒత్తిడి ఎక్కువుండేది నెత్తి దగ్గరే కదా, మట్టి అక్కడే తెగుతుందని, అంటే నలభై ఐదు డిగ్రీల వాలులోనని ఆయన వివరణ. ట్రేలో విరిగిపడ్డ నమూనా అరవై డిగ్రీల వాలులో తెగి ఉంది. కోణమానిని పెట్టి చూపించాను. నమూనా సరిగ్గా తీయలేదన్నాడు. మట్టిదే తప్పన్నమాట.

ఆ కోణంతో గోడ మందం పెరిగింది. బిల్డర్ పరుగున వచ్చాడు. "జర చూడండ్రి సార్, గింత గోడ ఎందుకు? పక్క ప్లాటోళ్ళు సగం మందమే కట్టిండ్రు," అన్నాడు. సీనియర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఏవో మీటలు నొక్కి, కోణం ముప్పై నాలుగు చేద్దామన్నాడు. ఇందాకటిదాకా శాస్త్రమైనది క్షణంలో బేరమైపోయింది.

మా ల్యాబ్ యజమాని నన్ను పిలిచి ఏంటమ్మా ఇది అని అడిగారు. నా గ్రాఫు బల్ల మీద పరిచాను.

"ముప్పై నాలుగు గీత ఏ వృత్తాన్నీ తాకదు సార్. అది నిజమైతే ఈ నమూనాలు ఇంకా విరక్కుండా ఉండాలి. ఇరవై ఆరున్నర గీత వృత్తాల్ని కోసుకుంటూ పోతోంది. అది నిజమైతే ఇవి అంతకంటే ముందే విరిగి ఉండాలి."

"మరి నెత్తి దగ్గర ఎందుకు తెగలేదు?" అన్నాడు సీనియర్.

"మొదటి నమూనాకి అక్కడ జారుడు ఒత్తిడి నూటయాభై. కానీ నొక్కుడు రెండొందల యాభై ఉంది కాబట్టి మట్టి నూట డెబ్భై మూడు దాకా ఓర్చుకుంటుంది. అరవై డిగ్రీల తలం మీద నొక్కుడు తక్కువ, అందుకని జారుడు ఒత్తిడి నూట ముప్పైయే, మట్టి ఓర్పూ నూట ముప్పైయే. అందుకే అక్కడ తెగింది."

రెండు వృత్తాల్నీ తాకే గీత ముప్పై డిగ్రీలు చూపించింది. యజమాని దాని మీదే సంతకం పెట్టారు. గోడ మొదటి లెక్కకంటే కొంచెం సన్నబడింది, బిల్డర్ గొణుగుతూనే కట్టాడు. అది నిలబడింది. తనూ మొదటినుంచీ ముప్పై అనే అంటున్నానని సీనియర్ బిల్డర్‌తో చెప్పడం నా చెవులతో విన్నాను.

ప్రోగ్రామ్ సరిచేయమని యజమాని ఆయనకి చెప్పారు. రెండ్రోజుల్లో సరిచేశానని ప్రకటించాడు. ఆ తర్వాత ఎర్రగడ్డ వైపునుంచి నల్లరేగడి వచ్చింది. బంకమన్నులా వేలికి అంటుకునే మట్టి, దాని కోణం మొరంకంటే బాగా తక్కువుండాలి. కంప్యూటర్ దానికీ ముప్పై అంది. ప్రోగ్రామ్ లోపలికెళ్ళి చూస్తే, కోణం లెక్కకట్టాల్సిన చోట ముప్పై అని అంకె రాసి పెట్టాడు మహానుభావుడు.

యజమానికి చూపించాను. ఆయన తెర వైపు చూసి, వృత్తాలు రంగుల్లో బాగున్నాయి, కస్టమర్లొచ్చినప్పుడు ఉండనీ, లెక్క మాత్రం నువ్వు చెయ్యి అన్నారు. నేను ఇంకో గ్రాఫు కాగితం తీసుకున్నాను.