చింతగింజల కరువు

చిత్తూరులో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పీరా సాహెబుకు వైకుంఠపాళీ అంటే ఒళ్లుమంట. పాచిక ఎట్లా పడితే అట్లా పోవడమేగాని, మనిషి ఆలోచించి చేసేదేముండాది ఆడ? అందుకే మిగిలిన అట్ట మీద తానే ఒక కరువాట గీసినాడు. పది నెలలు బతకాల. చింతగింజ ఒకటి కుండెడు నీళ్లు. నెలకొకటి తాగడానికి పోతుంది. దూరపు బావికి పోతే, పాచికలో నాలుగుగాని, ఆ పైనగాని పడితే మూడు కుండలు వస్తాయి. తక్కువ పడితే ఉన్నదాంట్లో ఒక కుండ పగులుతుంది.

మొదట తలా పది గింజలు ఇచ్చినాడు. భార్య రంజాన్‌బీ ఆవులించింది.

"ఇంట్లో ఇన్ని నీళ్లు పెట్టుకొని బావికి ఎవరు పోతారయ్యా?"

రెండే ఇస్తే పోక తప్పలేదు. మళ్లీ అంతా పాచికదే పెత్తనం. చివరికి నాలుగు ఇచ్చి, ఆఖర్న మిగిలిన నీళ్లు పైరుకని, పైరు ఎక్కువున్నోళ్లదే గెలుపని పెట్టినాడు. అప్పుడు ఆమె చెయ్యి పాచిక మీద ఆగింది. ఆ ఆగడం చూసి ఎంత మురిసిపోయినాడో!

ఆ ఎండాకాలం ఒక ఆటలో ఆమెకు రెండు నెలలు, రెండు గింజలు మిగిలినాయి. కూర్చుంటే బతుకుతుంది, పైరుకు చుక్క ఉండదు. పోతే పైరన్నా పండాల, ప్రాణమన్నా పోవాల.

"ఉండు, ఆలోచించి చెప్తా" అని, పాలు పొంగుతుంటే లేచిపోయింది. ఆ సాయంత్రం పట్టిన జ్వరం ఆమెను వారం కూడా ఉండనీలేదు.

ఏండ్లు గడిచినాయి. అట్ట అట్లే ఉండాది, గింజలు రెండూ అట్లే ఉండాయి. ఆమె బదులు పాచిక వేయడం ఎంతసేపు? కానీ ఆమె బావికి పోతుందో, కూర్చుంటుందో ఎవరూ చెప్పలేకుండా ఆటను కట్టింది తానే.