ఆరింట ఒక వంతు ఖాళీ

మా బావ ఆ ఫొటో పంపినప్పుడు నేను ఖమ్మంలో మా కాలేజీ స్టాఫ్‌రూములో కూర్చుని, చల్లారిన టీ తెచ్చినందుకు అటెండర్‌ని కేకలేస్తున్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఈ కథలో దాని పాలు కూడా ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

బావ అంటే మా చెల్లెలి భర్త. భద్రాచలం అవతల అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. జ్వరంతో వచ్చినవాళ్ల వేలు పొడిచి, రక్తం చుక్కను గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపు కింద పెట్టి మలేరియా ఉందో లేదో తేల్చడం ఆయన పని. మైక్రోస్కోపు ఒకటే. చూసే మనిషీ ఆయనొక్కడే.

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి. బావ కొత్త ఫోనుతో ల్యాబ్‌లోని నల్లబోర్డును ఫొటో తీసి పంపాడు. సుద్దముక్కతో రెండే వరుసలు. గంటకు వచ్చేవాళ్లు 5, గంటకు చూసేవి 6. ట్యూబులైటు వెలుగు పడి ఆ ఆరు కాస్తా ఎనిమిదిలా కనబడింది. ఫోన్ చేసి అడిగాను.

"ఆరే బామ్మర్దీ, పది నిమిషాలకొకటి. కొన్ని జల్దీ తేలుతయి, కొన్ని అరగంటైనా తేలయి. పై ఆఫీసరు పని లెక్క అడుగుతున్నడు. ఇంకో మనిషిని ఇయ్యాల్నంటే కాగితం గావాల్నంట. నువ్వు పిల్లలకు జెప్పేది గిదే గద, జర చేసిపెట్టు."

అవును, నేను చెప్పేది అదే. డిగ్రీ పిల్లలకు వరుసల లెక్క, అంటే క్యూల లెక్క. పని చేసేది ఒక్కరు, వచ్చేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుందో తెలియదు, సగటులు మాత్రం తెలుసు. అయిదును ఆరుతో భాగిస్తే మనిషి పనిలో ఉండే పాలు, ఆరింట అయిదు వంతులు. మిగిలిన ఒక వంతు ఖాళీ. ఆ ఆరింట అయిదును, ఆరుకూ అయిదుకూ ఉన్న తేడాతో, అంటే ఒకటితో, మళ్లీ భాగిస్తే వరుసలో నిలబడే సగటు సమయం వస్తుంది. గంటలో ఆరింట అయిదు వంతులు, అంటే యాభై నిమిషాలు. ఆ తర్వాత తన పలక చూడటానికి ఇంకో పది. మొత్తం గంట.

ఖాళీ ఉన్నప్పుడు యాభై నిమిషాలు ఎందుకు నిలబడాలి సార్ అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. జనం పిలిచినట్టు రారమ్మా అంటాను. ఒకసారి నలుగురు వెంటవెంటనే వస్తారు, ఒకసారి అరగంట పురుగు కూడా రాదు. పొద్దున ఖాళీగా పోయిన పది నిమిషాలు మూటగట్టి మధ్యాహ్నానికి దాచుకోలేం కదా.

లెక్క తప్పులేదు. కానీ కాగితం రాసిన వరుస చూడండి. టెక్నీషియన్ ఖాళీగా ఉండే అవకాశం ఆరింట ఒక వంతు అని మొదటి వరుసలో రాశాను. యాభై నిమిషాల మాట అన్నిటికంటే కింద. మా పాఠంలో లెక్క ఆ వరుసలోనే నడుస్తుంది. ఎన్నో ఏళ్లుగా బోర్డుమీద అలాగే రాసి రాసి చెయ్యి అలవాటు పడిపోయింది. మార్కులు వేసేవాడు చివరిదాకా చదువుతాడు, ఆఫీసరు చదవడు. ఈ మాత్రం బుద్ధి నాకు లేకపోయింది. పైగా ఫ్యాక్స్ పంపి, బావకు నా విద్య ఇన్నాళ్లకు పనికొచ్చిందని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

పది రోజులకు బావ ఫోన్ చేశాడు. "మంచిగనే చేసినవ్ లే. గంటల పది నిమిషాలు ఖాళీగ కూసుంటున్నవట, మీ బామ్మర్దే రాసిచ్చిండు గద అన్నడు ఆఫీసరు. పక్క సెంటర్ల టెక్నీషియన్ లేడు, ఆ జ్వరాలోల్లను గూడ నా దిక్కే తోలుతున్నరు."

"ఎంతమంది?"

"ఎక్కువేం గాదు. రెండు గంటలకొకలు. సదురుకుంట తియ్."

నేను ఆ ఆఫీసరును, అతని చదువును, అతనికి ఉద్యోగం ఇచ్చినవాళ్లను వరసబెట్టి పావుగంట తిట్టి ఫోన్ పెట్టేశాను. కలం తీసి ఆ కొత్త అంకె వేసి చూసి ఉంటే రెండు నిమిషాల పని. చెయ్యలేదు.

వానలు పట్టాక ఒక రోజు లోపలి కోయగూడెం నుంచి ఒక తండ్రి ఆరేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. వేలు పొడిచి అక్కడికక్కడ చూసే కిట్లు అప్పటికే అయిపోయాయి. పిల్ల రక్తం తీసుకుని కూర్చోమన్నారు. గంటన్నర దాటింది. మూడింటికి గూడెం వైపు పోయే జీపు హారన్ కొట్టింది, అది పోతే మళ్లీ మర్నాడే. జ్వరం మాత్రలు ఇచ్చారు గదా అని ఎక్కేశాడు. బావ ఆ పలక చూసేసరికి పిల్ల లేదు. మెదడుకెక్కే రకం మలేరియా. ఇచ్చిన మాత్రలు దానికి చాలవు. కబురు పంపాడు, కానీ వాగు పొంగింది. రెండో రోజున మనిషి చేరేసరికి పిల్ల పోయింది.

బావ ఫోన్‌లో ఏడుస్తుంటే అప్పుడు వేశాను ఆ లెక్క. గంటకు అయిదున్నర. ఖాళీ పన్నెండింట ఒక వంతు, గంటకు అయిదు నిమిషాలు. అంటే ఆఫీసరు లెక్కన బావ ఇంకా ఖాళీగానే ఉన్నాడు. వరుసలో నిలబడే సగటు మాత్రం నూట పది నిమిషాలు. రెండు గంటలకొక మనిషి పెరిగితే అందరి నిరీక్షణా రెండింతలు దాటింది. ఇది నేను ప్రతి ఏడాదీ పాఠం చెప్పేదే! నా మీద నాకు అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఆ ఆదివారం వెళ్లాను. బావ తన బండి మీద ఆ గూడెం తీసుకుపోయాడు. తండ్రి మమ్మల్ని తిట్టలేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు. తల్లి గడపలో కూర్చుని ఉంది, ఆమెకు తెలుగు రాదు. నేను ఎవరినని బావ చెప్పాడో తెలియదు. లెక్కలు చెప్పే సారు అనే చెప్పి ఉంటాడు.

తర్వాత తండ్రి నన్నే అడిగాడు. "సారూ, ఆ దినం ఇంకెంతసేపు కూసుంటే మా పిల్లది చూద్దురు?"

బావ తల దించుకున్నాడు. ల్యాబ్ రిజిస్టర్‌లో ఆ పలక చూసిన టైము నేను చూసే వచ్చాను. మూడూ ఇరవై.

"ఇరవై నిమిషాలు," అన్నాను.

"గంతేనా?" అన్నాడు. "గంతేనని ఎవలన్న జెప్తే జీపు ఇడిసిపెడుదుము గద సారూ. పిల్లనెత్తుకొని నడిసిపోదుము."

అక్కడ ఎవరికీ ఎవరూ చెప్పలేదు. వరుసలో ఎంతసేపో లెక్కగట్టి కాగితం మీద పెట్టింది నేనొక్కణ్ణే, అదీ అట్టడుగు వరుసలో.

ఆయన భార్య వైపు తిరిగి కోయమాటలో ఆ ఇరవై నిమిషాల మాటే చెప్పాడు. ఆమె సరిగా వినలేదన్నట్టు మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ చెప్పాడు.